వెయ్యి కిలోమీటర్లకు ఒక రాత్రి

విశాఖపట్నం నుంచి బెంగళూరుకు విమానం గంటా ముప్పావులో వెళ్లిపోతుంది. రైల్లో బండిని బట్టి అటూ ఇటుగా 20 గంటలు, బస్సులో 18 గంటలు పడుతుంది. ఈ మూడు అంకెలు చూస్తే ఇంకా ఆలోచించాల్సింది ఏముందనిపిస్తుంది. డబ్బుంటే విమానం, లేకపోతే రైలు, రైల్లో దొరక్కపోతే బస్సు అనుకుంటాం. కానీ ఇంట్లో నలుగురూ కలిసి బయల్దేరేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. విమానంలో వెళ్లినవాళ్లు మధ్యాహ్నం మూడున్నరకు అలసిపోయి చేరతారు, రైల్లో వెళ్లినవాళ్లు పొద్దున్నే నిద్ర లేచి చేరతారు. ఎవరి రోజు ఎంత పోయింది అని అడిగితే జవాబు టికెట్ మీద ఉండదు.

ఒక కుటుంబాన్ని తీసుకుని లెక్క చూద్దాం. ఇల్లు విశాఖలోని ఎంవీపీ కాలనీ. భార్యాభర్తలు, 8 ఏళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న 68 ఏళ్ల నాయనమ్మ. వెళ్లాల్సింది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే చిన్నాన్న ఇంటికి. రోడ్డు మీద దూరం దాదాపు 1,000 కిలోమీటర్లు. ధరలు లెక్క కోసం వేసుకున్నవే. టికెట్ కొనే రోజున కనిపించే ధరలు వాటి స్థానంలో పెట్టుకుంటే ఎవరి లెక్క వారికి వస్తుంది.

## గంటా ముప్పావు ఎక్కడ సాగుతుంది?

విమానం ఉదయం 11.30కి అనుకుందాం. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. నాయనమ్మ నడక, రెండు పెద్ద పెట్టెలు, సెక్యూరిటీ దగ్గర వరుస దృష్టిలో పెట్టుకుంటే రెండు గంటల ముందు చేరడమే క్షేమం. ఇంటి నుంచి విమానాశ్రయానికి 45 నిమిషాలు. అంటే 8.45కి ఇంటికి తాళం వేయాలి. బెంగళూరులో 1.15కి దిగుతారు. విమానం లోంచి బయటికొచ్చి, బెల్టు మీద పెట్టెలు అందుకునేసరికి 40 నిమిషాలు. దేవనహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌కు కారులో గంటన్నర. గుమ్మం తొక్కేసరికి 3.25. మొత్తం 6 గంటల 40 నిమిషాలు. అందులో విమానం కదిలింది నాలుగో వంతే.

మిగిలిన అయిదు గంటలూ దూరంతో సంబంధం లేనివి. బెంగళూరుకు బదులు ఢిల్లీకి వెళ్లినా ఆ గంటలు దాదాపు అలాగే ఉంటాయి. దీన్ని స్థిర సమయం అందాం. విమానానికి స్థిర సమయం ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ పెరిగేది చాలా తక్కువ, 100 కిలోమీటర్లకు ఏడెనిమిది నిమిషాలే. రైలుకు దీనికి సరిగ్గా తలకిందులు. స్టేషన్‌కు అరగంట, బండి కోసం అరగంట, దిగాక ముప్పావు గంట, అంతే. కానీ ప్రతి 100 కిలోమీటర్లకూ రెండు గంటలు కలుస్తూ పోతాయి.

ఇక్కడ రైలు మీద ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. 110, 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లగల బండి సగటున 50, 55 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? స్టేషన్‌లో ఆగే రెండు నిమిషాల్ని మాత్రమే మనం లెక్కేస్తాం. బండి వేగం తగ్గించుకుంటూ వచ్చి, ఆగి, మళ్లీ పూర్తి వేగం అందుకునేసరికి ఒక్కో హాల్టుకు అయిదారు నిమిషాలు ఖర్చవుతుంది. అలాంటి హాల్టులు పాతిక ఉంటే రెండు గంటలకు పైగా పోయినట్టే. ఒకే లైను ఉన్నచోట ఎదురు బండి కోసం ఆగాలి. వెనక నుంచి ముఖ్యమైన బండి వస్తుంటే లూప్‌లైన్‌లోకి తప్పుకోవాలి.

ఇవి కాక టైంటేబుల్‌లోనే దాచిపెట్టిన అదనపు నిమిషాలుంటాయి. ఆలస్యమైతే సర్దుకోవడానికి వీలుగా గమ్యం దగ్గరి ముక్కకు ఎక్కువ సమయం ఇస్తారు. దీన్ని ఎవరైనా కనిపెట్టవచ్చు. వెళ్లే బండికి చివరి రెండు స్టేషన్ల మధ్య ఎంత సమయం వేశారో చూసి, అదే ముక్క తిరుగు బండి ఎంతలో దాటుతుందో చూడండి. తిరుగు బండికి అది మొదటి ముక్క కాబట్టి తక్కువ వేసి ఉంటారు. ఆ తేడాయే దాచిపెట్టిన సమయం. అది 30, 40 నిమిషాలుంటే, దారిలో బండి అరగంట ఆలస్యంగా నడుస్తున్నా కంగారు పడనక్కర్లేదు, వేళకే చేర్చవచ్చు.

## మెలకువ గంటలు

రైలు ప్రయాణం ఇంటి నుంచి ఇంటికి దాదాపు 22 గంటలు అవుతుంది. విమానంతో పోలిస్తే 15 గంటలు ఎక్కువ. కానీ ఆ 22 గంటల్లో ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నా పడుకునేవాళ్లమే. ఏసీ బోగీలో నిండా 8 గంటలు పడుకున్నారని వేసుకుంటే, మెలకువగా గడిపినవి 14 గంటలు. విమానంలో వెళ్తే మెలకువగా గడిపేవి 6 గంటల 40 నిమిషాలు. అసలు తేడా 15 గంటలు కాదు, ఏడుంబావు.

ఇప్పుడు బస్సు. 18 గంటల దారి, ఎక్కేచోట అరగంట నిరీక్షణ, రెండు వైపులా కలిపి గంట. మొత్తం 19 గంటలన్నర. గడియారం ప్రకారం రైలు కంటే రెండున్నర గంటలు ముందే చేరతాం. అయితే బస్సులో ఎంత నిద్ర పడుతుంది? రాత్రి భోజనానికి ధాబా దగ్గర ఆపుతారు, లైట్లు వేస్తారు. తెల్లవారుజామున మళ్లీ ఎక్కడో ఆపుతారు. మలుపులో, బ్రేకులో మెలకువ వస్తుంది. ఎక్కువలో ఎక్కువ 5 గంటల నిద్ర అనుకుంటే, మెలకువగా గడిపినవి పద్నాలుగున్నర. అంటే గడియారంలో ముందు చేరిన బస్సు, మెలకువ గంటల్లో రైలు కంటే అరగంట వెనకబడింది. పైగా అర్ధనిద్రతో దిగినవాళ్లు ఇంకో మధ్యాహ్నం పడుకుని ఆ అప్పు తీర్చుకుంటారు.

వెయ్యి కిలోమీటర్ల దూరానికి ఉన్న ప్రత్యేకత ఇదే. 500 కిలోమీటర్లైతే రైలు పూర్తిగా రాత్రిలో ఇమిడిపోతుంది. రాత్రి ఎక్కి పొద్దున దిగుతాం, పగలు పోదు. అక్కడ విమానం వాదన చాలా బలహీనం. 2,000 కిలోమీటర్లైతే రెండు పగళ్లు పోతాయి. అక్కడ రైలు వాదన బలహీనం. వెయ్యి దగ్గర ఒక రాత్రి నిండి, పైన అరపూటో ముప్పాతిక పూటో మిగిలిపోతుంది. ఆ మిగిలిన పూట ఏ రోజు మీద పడుతుందన్నది అన్నిటికంటే ముఖ్యం. మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు పొద్దున చేరే బండి ఒక సగం రోజే తీసుకుంటుంది. రాత్రి పదింటికి బయల్దేరే బండికీ అదే 20 గంటలు పట్టవచ్చు, కానీ మర్నాటి పగలంతా బోగీలోనే గడుస్తుంది. ఒక రోజు సెలవు పూర్తిగా పోతుంది. అందుకని బండ్లను పోల్చేటప్పుడు ఎన్ని గంటలు అన్నదాని కంటే ఏ వేళకు ఎక్కి ఏ వేళకు దిగుతాం అన్నది ముందు చూడాలి.

## నలుగురితో గుణిస్తే

రైలు చార్జీకి ఒక లక్షణం ఉంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతూ పోతుంది. మొదటి వంద కిలోమీటర్లకు ఇచ్చినంత పదో వందకు ఇవ్వం. దూర ప్రయాణం చవగ్గా అనిపించడానికి కారణం ఇదే. థర్డ్ ఏసీ మనిషికి రూ.1,500 వేసుకుందాం. 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ ఇవ్వాల్సిందే కాబట్టి బాబుకూ అంతే. వృద్ధులకు గతంలో ఉన్న రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. నలుగురికి రూ.6,000. రెండు వైపులా ఆటో, క్యాబ్ రూ.700, తిండికి రూ.1,000. మొత్తం రూ.7,700.

విమానం టికెట్ నెల ముందు కొంటే రూ.5,000కు దొరికిందనుకుందాం. రెండేళ్లు నిండిన పిల్లలకు సొంత సీటు, దాదాపు పెద్దవాళ్ల ధరే. నలుగురికి రూ.20,000. క్యాబ్‌లకు రూ.1,900, తిండికి రూ.600. మొత్తం రూ.22,500. ఏసీ స్లీపర్ బస్సు మనిషికి రూ.2,000 అనుకుంటే, పై ఖర్చులతో రూ.9,400 అవుతుంది.

కుటుంబానికీ ఒంటరి ప్రయాణికుడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. క్యాబ్ ఖర్చు ఒకరికైనా నలుగురికైనా ఒకటే. టికెట్ ఖర్చు మాత్రం తలల లెక్కన పెరుగుతుంది. ఉద్యోగం పని మీద ఒక్కడే వెళ్లేవాడు దాదాపు నాలుగున్నర వేలు అదనంగా పెట్టి ఏడు గంటలు కొనుక్కుంటాడు. ఈ కుటుంబం రూ.14,800 పెట్టి అవే ఏడుంబావు గంటలు కొనుక్కుంటుంది. గంటకు రెండు వేలు. ఆ రెండు వేలు ఎక్కువా తక్కువా అన్నది ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వారికి తెలుస్తుంది. కానీ ఆ ప్రశ్న ఇలా అంకెగా మారితేనే ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చుకోగలరు.

సంక్రాంతి రోజుల్లో విమానం టికెట్ రూ.9,000కు చేరిందనుకోండి. అప్పుడు ఖర్చు రూ.38,500, గంట ధర నాలుగు వేలు దాటుతుంది. రైలు టికెట్ ధర మాత్రం మారదు, రాజధాని, దురంతో లాంటి కొన్ని బండ్లలో తప్ప. మరి రద్దీ ఎక్కడికి పోయింది? వెయిటింగ్ లిస్టులోకి పోయింది. విమానంలో గిరాకీ ధరలో కనిపిస్తుంది, రైల్లో నిరీక్షణలో కనిపిస్తుంది, ప్రైవేటు బస్సులోనూ ధరలోనే కనిపిస్తుంది. అందుకే రైలుకు ముందుచూపు డబ్బుతో సమానం. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులుండేది. పండగ తేదీకి 60 రోజులు వెనక్కి లెక్కేసుకుని, ఆ రోజు పొద్దున 8 గంటలకు సిద్ధంగా ఉండేవాళ్లకే ఆ రూ.7,700 లెక్క వర్తిస్తుంది. తప్పితే తత్కాల్. ఏసీ బోగీలకు ప్రయాణం ముందు రోజు ఉదయం 10 గంటలకు తెరుస్తారు. ఒక టికెట్ మీద నలుగురే పడతారు, థర్డ్ ఏసీకి మనిషికి రూ.300 నుంచి 400 దాకా అదనం.

> పెట్టెలో: నలుగురికి అడిగితే ధర ఎందుకు పెరుగుతుంది?
>
> విమానంలో సీట్లన్నీ ఒకేలా ఉన్నా ధరలు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో కొన్ని సీట్లు, అవి అయ్యాక పై మెట్టులో కొన్ని. బయల్దేరిన తర్వాత ఖాళీ సీటుకు విలువ సున్నా కాబట్టి కొన్ని ముందే చవగ్గా అమ్ముతారు. చివరి రోజుల్లో కొనేవాడికి తప్పనిసరి పని ఉంటుంది కాబట్టి అతని కోసం కొన్ని పై మెట్టులో ఆపుతారు.
>
> ఇప్పుడు కింది మెట్టులో రెండు సీట్లే మిగిలాయనుకోండి. మీరు నలుగురికి వెతికితే, సాధారణంగా నాలుగు సీట్లూ దొరికే పై మెట్టు ధరే నలుగురికీ చూపిస్తారు. ఆ రెండు చవక సీట్లు మీకు కనిపించవు. అందుకని ఒకసారి ఇద్దరికి, ఒకసారి నలుగురికి వెతికి చూడండి. ఇద్దరికి ధర తక్కువ వస్తే రెండు టికెట్లుగా కొనుక్కోవచ్చు. అయితే బాబును తల్లి లేదా తండ్రి ఉన్న టికెట్‌లోనే ఉంచాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లోని తల్లి లేదా తండ్రి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024లో విమానయాన సంస్థలను ఆదేశించింది. టికెట్ వేరైతే ఆ హక్కు పోతుంది. విమానం రద్దయితే రెండు టికెట్లనూ వేర్వేరుగా సర్దుతారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

## ఎక్కడ కూర్చుంటే కుదుపు తక్కువ?

సౌకర్యం అనగానే సీటు మెత్తదనం, ఏసీ చల్లదనం చూస్తాం. ఒంటిని అలసిపోయేలా చేసేది మాత్రం కదలిక. అది బండిలో అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

బస్సు రెండు ఇరుసుల మీద నిలబడి ఉంటుంది. వెనక చక్రం గతుకు ఎక్కగానే వెనక భాగం లేస్తుంది, ముందు భాగం కుంగుతుంది. పిల్లలు ఆడుకునే ఎగుడుదిగుడు బల్లలాగే కొసలు ఎక్కువ లేచి పడతాయి, నడిమి దాదాపు కదలదు. బస్సులో వెనక ఇరుసు తర్వాత కూడా పొడవాటి భాగం వేలాడుతుంటుంది కాబట్టి ఆఖరి వరుసకు దెబ్బ మరీ ఎక్కువ. మధ్యలో ఉన్న బెర్తులు ముందే అమ్ముడుపోవడానికి, చివరివి మిగిలిపోవడానికి ఇదే కారణం. పై బెర్తుకు ఇంకో ఇబ్బంది ఉంది. మలుపులో బస్సు పక్కకు ఒరిగేటప్పుడు ఆ ఒరగడం కిందనుంచి మొదలవుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. కింద పడుకున్నవాడు చిన్నగా ఊగితే, పైన పడుకున్నవాడు పక్క కమ్మీని పట్టుకుంటాడు.

రైలు బోగీకీ సూత్రం ఇదే. చక్రాల బోగీలు పెట్టె రెండు కొసల దగ్గర ఉంటాయి. ఎల్‌హెచ్‌బీ థర్డ్ ఏసీ పెట్టెలో 72 బెర్తులుంటే, 25 నుంచి 48 దాకా ఉన్నవి నడిమి భాగంలోకి వస్తాయి. అక్కడ చక్రాల చప్పుడూ తక్కువ, మరుగుదొడ్డి తలుపుల రాకపోకలూ తక్కువ. విమానంలో రెక్కల దగ్గరి వరుసలు ఇదే కారణంతో నెమ్మదిగా ఉంటాయి, తోక దగ్గర ఊపు ఎక్కువ.

బాబు విషయంలో కదలిక మరో రూపంలో బాధిస్తుంది. ప్రయాణంలో వాంతులు చాలామందికి కడుపులో మొదలవుతాయనిపిస్తుంది, నిజానికి మొదలయ్యేది చెవి లోపల. ఒంటి కదలికను కనిపెట్టే అవయవం లోపలి చెవిలో ఉంది. బస్సు తిరుగుతోందని అది చెబుతుంది. చేతిలో ఫోన్ చూస్తున్న కళ్లు మాత్రం ఏదీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడు మెదడు తికమకపడి వికారం పుట్టిస్తుంది. టపటపా కొట్టే చిన్న కుదుపులు దీన్ని పెద్దగా రేపవు. అయిదారు సెకన్లకోసారి వచ్చే నెమ్మది ఊపే ఎక్కువ రేపుతుంది. బస్సు మలుపులు తిరుగుతూ, బ్రేకు వేస్తూ, మళ్లీ అందుకుంటూ పోతే వచ్చేది ఆ ఊపే.

విశాఖ నుంచి నెల్లూరు దాకా జాతీయ రహదారి దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. చిత్తూరు దాటి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. సముద్ర మట్టం నుంచి బయల్దేరిన బస్సు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు పీఠభూమి ఎక్కాల్సింది ఇక్కడే. పిల్లలు అప్పుడే లేచి, పాలు తాగి, ఫోన్ అందుకునే వేళకు ఘాట్ వస్తే పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఈ బాధ అన్ని వయసుల కంటే ఎక్కువ. ఘాట్ దాటేదాకా ఫోన్ లాక్కుని, కళ్లు మూసుకుని పడుకోబెట్టాలి, లేదా ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డును చూపించాలి. మందు వేయాలంటే డాక్టర్‌ను అడిగి బస్సు ఎక్కకముందే వేయాలి. వికారం మొదలయ్యాక కడుపు పని మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది.

విమానంలో పిల్లల బాధ వేరు. పైకి వెళ్లేటప్పుడు చెవి లోపలి గాలి తేలిగ్గా బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంటే, గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుంటేనే గాలి లోపలికి వెళ్లాలి. మింగినప్పుడే అది తెరుచుకుంటుంది. నిద్రపోయే పిల్లవాడు మింగడు. అందుకని దిగడానికి అరగంట ముందే లేపి కొంచెం కొంచెంగా నీళ్లు తాగించాలి. జలుబు బాగా ఉంటే ఆ గొట్టం వాచి మూసుకుపోయి ఉంటుంది, ఆ రోజు విమానం ఎక్కించకపోవడమే మంచిది.

## నాయనమ్మకు కింది బెర్తు

మోకాళ్ల నొప్పులున్న మనిషికి సౌకర్యం అంటే మూడు విషయాలు. ఎక్కడం దిగడం, మరుగుదొడ్డి, కాళ్లు చాపుకోవడం.

బస్సు మూడింట్లోనూ వెనకబడుతుంది. మెట్లు ఎత్తు, మరుగుదొడ్డి కోసం ఎక్కడ ఆపుతారో చేతిలో ఉండదు. దాంతో పెద్దవాళ్లు ఏం చేస్తారో ప్రతి ఇంట్లో తెలుసు. మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గి, కాళ్లు కదపకుండా గంటల తరబడి ఉంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం ఈ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అది విమానానికే కాదు, బస్సుకూ రైలుకూ కారుకూ వర్తిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ముప్పు మొత్తం మీద చిన్నదే, ఆరు వేలల్లో ఒకరికి. వయసు, ఊబకాయం, ఇటీవల జరిగిన ఆపరేషన్ దాన్ని పెంచుతాయి. రైల్లో లేచి నడవొచ్చు, నీళ్లు తాగొచ్చు. ఈ ఒక్క కారణం చాలు, పెద్దవాళ్లతో పద్దెనిమిది గంటలు బస్సు వద్దని చెప్పడానికి.

రైల్లో అంతా కింది బెర్తు మీద ఆధారపడి ఉంటుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఉంది. అయితే అది ఆ వయసువాళ్లు ఒక్కరుగా గానీ, ఇద్దరుగా గానీ ఒక టికెట్ మీద ఉన్నప్పుడే. నలుగురినీ ఒకే టికెట్‌లో వేస్తే నాయనమ్మ వయసు 68 అని రాసినా ఆ కోటా తగలదు. కింది బెర్తు ఖాళీ ఉంటే సిస్టమ్ తనంతట ఇవ్వవచ్చు, హామీ మాత్రం లేదు. నాయనమ్మకు విడిగా టికెట్ తీస్తే కింది బెర్తు దాదాపు ఖాయం, కానీ బోగీ వేరైపోవచ్చు. రాత్రి మనవడి గొంతు వినిపించనంత దూరంలో పడుకోవాలంటే ఆమె ఒప్పుకోదు.

నా అభిప్రాయం అడిగితే, 60 రోజుల ముందు, రిజర్వేషన్ తెరిచిన మొదటి గంటలో కొనేవాళ్లు నలుగురినీ కలిపే కొనొచ్చు. అప్పుడు బెర్తులన్నీ ఖాళీగానే ఉంటాయి. కనీసం ఒక కింది బెర్తు దొరికితేనే టికెట్ ఇవ్వమనే గడి బుకింగ్‌లోనే ఉంటుంది, దాన్ని టిక్ చేయాలి. ఆలస్యమైనవాళ్లు విడిగా తీసి, ఎక్కాక టీటీఈని, పక్కవాళ్లను అడిగి బెర్తు మార్చుకోవాలి. కింది బెర్తు చేతిలో ఉన్నవాళ్లకు మార్పిడి ఎప్పుడూ తేలికే.

విమానంలో నాయనమ్మ పని చాలామంది అనుకునే దానికంటే సులువు. టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడిగితే గుమ్మం దగ్గర నుంచి విమానం తలుపు దాకా, అక్కడ దిగాక బయటికి సిబ్బంది తీసుకెళ్తారు. మోకాళ్లు మరీ ఇబ్బంది పెట్టేవాళ్లకు రైల్వే ఫ్లాట్‌ఫారం వంతెన కంటే ఇదే నయం.

## ఏది ఎప్పుడు దెబ్బతింటుంది?

టికెట్ కొన్నాక కూడా చూసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. విశాఖ మీదుగా బెంగళూరు వెళ్లే బండ్లలో ఎక్కువ భాగం ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చేవి. మధ్య స్టేషన్ కాబట్టి విశాఖకు ఇచ్చిన కోటా చిన్నది. తెర మీద వెయిటింగ్ పక్కన `GNWL` అని ఉంటే బండి మొదలయ్యే వైపు పెద్ద కోటా అది, కదులుతుంది. `RLWL`, `PQWL` అని ఉంటే చిన్న కోటా, నెమ్మదిగా కదులుతుంది. అంకె ఒకటే అయినా `RLWL` 20, `GNWL` 20 ఒకటి కావు. ఇంటర్నెట్‌లో కొన్న టికెట్ చార్టు వేసేసరికి మొత్తం వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతట అదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. కానీ అప్పటికి విమానం ధర ఏ మెట్టు మీద ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే `RLWL` పెద్ద అంకెలో ఉంటే వారం ముందే వేరే దారి ఖాయం చేసుకోవాలి.

బస్సుకు కష్టమైన వేళ రాత్రి రెండు నుంచి అయిదు. మనిషి ఒంట్లోని గడియారం ఆ వేళ నిద్రను బలంగా లాగుతుంది, ఎంత అనుభవమున్న డ్రైవర్‌కైనా అంతే. 18 గంటల దారికి ఇద్దరు డ్రైవర్లున్నారా, ఎక్కడ మారతారు అని ఎక్కేముందు అడగడం తప్పు కాదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సులు కాలిపోయింది కూడా తెల్లవారుజామునే, ప్రయాణికులు నిద్రలో ఉండగానే. స్లీపర్ బస్సులో నడవ ఇరుకు, పొగ నిండితే దారి కనబడదు. మీ బెర్తుకు దగ్గరి అత్యవసర ద్వారం ఎటు ఉందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడ ఉందో లైట్లు ఆర్పకముందే ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ చూసుకోవాలి. సుత్తి తన చోట లేకపోతే అడగాలి.

విమానానికి వాతావరణమే సమస్య. డిసెంబరు, జనవరి నెలల్లో దేవనహళ్లిలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. చవగ్గా ఉందని మొదటి విమానం కొన్నవాళ్లు అప్పుడు నిరీక్షణలో పడతారు. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో ఉరుములు సాయంత్రమే. కాబట్టి చలికాలంలో మధ్యాహ్నం, వేసవిలో పొద్దున ఎంచుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో విమానాశ్రయమూ దెబ్బతింది, రైళ్లూ ఆగాయి. ఆ నెలల్లో పెళ్లిలాంటి తప్పనిసరి పనికి వెళ్లేవాళ్లు ఒక రోజు ముందు చేరేలా పెట్టుకోవాలి.

## ఇల్లు మారితే

ఈ కుటుంబానికి నేనైతే రైలే చెబుతాను. థర్డ్ ఏసీలో నడిమి బెర్తులు, లేదా మనిషికి ఇంకో ఆరు వందలు పెట్టుకుని సెకండ్ ఏసీ. అక్కడ మధ్య బెర్తు ఉండదు కాబట్టి నాయనమ్మ రాత్రయినా తల వంచుకోకుండా కూర్చోగలదు. జోలార్‌పేట మీదుగా వెళ్లే బండిలో కృష్ణరాజపురం హాల్టు ఉందేమో చూసుకోవాలి. వైట్‌ఫీల్డ్‌కు అది దగ్గర, నగరం నడిబొడ్డు దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు. రైలు దొరక్కపోతే, సెలవు రోజులు తక్కువగా ఉంటే విమానం. నాయనమ్మ రాకుండా ముగ్గురే వెళ్తున్నారనుకుంటే బస్సుకూ చోటుంది. కోలారు, హొసకోట మీదుగా వచ్చే బస్సు ముందు తగిలేది వైట్‌ఫీల్డ్ వైపునే.

అదే చిన్నాన్న ఇల్లు హెబ్బాళలో ఉందనుకోండి. దేవనహళ్లి నుంచి గంటన్నర దారి అరగంటకు తగ్గుతుంది, విమానం లెక్క 5 గంటల 40 నిమిషాలకు దిగుతుంది. క్యాబ్ ఖర్చూ సగమవుతుంది. బస్సు మాత్రం నగరంలో ఇంకా ముందుకు పోవాలి. ఇటువైపు మార్పు కూడా అంతే. విశాఖ విమానాశ్రయం నగరంలోంచి భోగాపురానికి మారితే ఎంవీపీ కాలనీ వాళ్లకు 45 నిమిషాల ప్రయాణం గంటంబావు దాకా పోతుంది, గాజువాక వాళ్లకు ఇంకా ఎక్కువ, విజయనగరం వాళ్లకు మాత్రం తగ్గుతుంది. గాల్లో గడిపే గంటా ముప్పావు ఎవరికీ మారదు కాబట్టి, టికెట్ వెతికే ముందు ఆ రెండు కొసల గంటలు కాగితం మీద వేసుకోవాలి.